అత్తగారు ఫోన్ పెట్టెయ్యని రోజు

ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు పెట్టెయ్యకుండా మాటల్లో నిలబెట్టి, పది నిమిషాల పాటు ప్రశ్నలడిగి జవాబులు రాబట్టడం కోడలి కొత్త ఉద్యోగం. చేరి ఇంకా నెల తిరగలేదు. ఇంతవరకూ ఆమెకు బాగా అలవాటైంది ఒక్కటే, అవతలివాళ్లు ఫోన్ పెట్టేసినప్పుడు వినిపించే "టక్" అనే చప్పుడు.

ఆఫీసంటే పెద్ద హాలు. మనిషికీ మనిషికీ మధ్య స్పాంజి అతికించిన చెక్క అడ్డాలు. అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు, అందరి ముందూ కంప్యూటర్లు. నంబరు కంప్యూటరే నొక్కుతుంది. అవతల "హలో" అనగానే తెర మీద చదవాల్సిన వాక్యాలు వస్తాయి. ఇళ్లలో జనం జారిపడటం, తూలిపడటం గురించి ఒక ఆరోగ్య పరిశోధన సంస్థ చేయిస్తున్న సర్వే అది. ఎవరు ఫోన్ ఎత్తితే వాళ్లనే అడగాలి, పద్దెనిమిదేళ్లు నిండి ఉంటే చాలు.

"నమస్కారమండీ, మీరు ఎలా ఉన్నారు? ఈ రోజు మీతో కొద్దిసేపు మాట్లాడటానికి..."

టక్.

"లోను వద్దమ్మా." టక్.

"మీటింగ్‌లో ఉన్నాను," అన్నాడొకాయన. వెనకాల కుక్కర్ కూత వేసింది. టక్.

ఒకావిడ మాత్రం పెట్టెయ్యలేదు. "నీ వయసెంత తల్లీ? ఈ పాడు ఉద్యోగం తప్ప ఇంకేం దొరకలేదా?" అని జాలిపడి మరీ పెట్టేసింది. కోడలికి ఆ జాలే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం సూపర్‌వైజరు ఆమెను తన బల్ల దగ్గరికి పిలిచింది. మెడలో గొలుసుకు కళ్లజోడు వేలాడేసుకునే సన్నపాటి మనిషి. ఒకప్పుడు తనూ ఈ హాల్లో కూర్చుని ఫోన్లు చేసినదే. ఇప్పుడు ఆమె పని ఇతరుల ఫోన్లు వినడం.

"కూర్చోమ్మా. ఇది విను," అని ఒక రికార్డింగ్ పెట్టింది. కోడలి గొంతు, దాని వెంటే టక్. ఇంకొకటి పెట్టింది. మళ్లీ టక్.

"ఎక్కడ పెట్టేస్తున్నారో గమనించావా?"

"మొదట్లోనే మేడమ్."

"మొదట్లోనే కానీ, మొదటి మాట దగ్గర కాదు. రెండో ఊపిరి తీసుకునేలోపు. ఫోన్ ఎత్తిన మనిషి మనసులో అప్పటికే మూడు అనుమానాలుంటాయి. ఎవరిది? ఏం అమ్ముతోంది? ఎంతసేపు తింటుంది? నువ్వు ఆ మూడూ వదిలేసి ఆయన క్షేమం అడుగుతున్నావు."

"తెర మీద అదే ఉంది కదా మేడమ్."

"ప్రశ్నలు మొదలయ్యాక ఒక్క అక్షరం మార్చకూడదు. అందరినీ ఒకేలా అడగాలి, లేకపోతే జవాబులు పోల్చలేం. మనం ఎవరం, దేని గురించి, ఎంతసేపు, ఇష్టమైతేనే చెప్పొచ్చు, వద్దనుకున్న ప్రశ్న వదిలెయ్యొచ్చు, ఎవరు ఏం చెప్పారో బయటికి పొక్కదు, కాల్ రికార్డవుతుంది. ఇవన్నీ కూడా చెప్పి తీరాలి. కానీ ఆ మొదటి పలకరింపు మాత్రం నీ నోట్లో తిరిగే మాటల్లో చెప్పుకోవచ్చు. అబద్ధం ఆడకుండా ఉంటే చాలు."

కోడలు తల ఊపింది.

"ఇంకో సంగతి. పనిమీద ఉన్నవాళ్లు, భయస్తులు, పెద్ద వయసువాళ్లు అందరూ పెట్టేస్తే చివరికి మన దగ్గర మిగిలేది తీరుబడిగా ఉన్నవాళ్ల జవాబులు. అది అందరి లెక్క ఎలా అవుతుంది? అందుకే ఆ మొదటి పది సెకన్లూ నీకు ముఖ్యం, నాకూ ముఖ్యమే." కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడిచి, నెమ్మదిగా అంది. "నెలాఖరుకి చూద్దాం. నీలో లోపం లేదు. నువ్వు మాట్లాడటం లేదు, చదువుతున్నావు. అంతే."

నెలాఖరుకి చూద్దాం అన్న మాట బస్సెక్కినా, దిగినా కోడలిని వదల్లేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. భర్త లిఫ్టు మెకానిక్. ఎక్కడ లిఫ్టు ఆగిపోతే అక్కడికి పరిగెత్తాలి, కాబట్టి అతను ఇంట్లో ఉండే వేళలు అతనికే తెలియవు. మూడో మనిషి అత్తగారు. ఉద్యోగకాలమంతా బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుని రిటైరైన మనిషి. ఏ బస్సు ఎప్పుడొస్తుంది, ఎందుకు రాలేదు, వస్తుందా రాదా అని రోజంతా అడిగినవాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ, ప్రశ్నలంటేనే ఆవిడకు మొహం మొత్తిపోయింది. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఆవిడ ఎత్తేది పెట్టేయడానికే. అది కూడా ఊరికే పెట్టేసేది కాదు.

"మేడమ్, మీకొక బంగారంలాంటి ఆఫర్..."

"బంగారమైతే నువ్వే ఉంచుకో నాయనా." టక్.

ఆ రాత్రి భోజనాలయ్యాక అత్తగారు అలాగే ఎవరినో సాగనంపడం చూసి కోడలికి తట్టింది. ఊళ్లోవాళ్లంతా తన ఫోన్ ఎందుకు పెట్టేస్తున్నారో తెలుసుకోవాలంటే, పెట్టెయ్యడంలో ఇంతకన్నా ఆరితేరిన మనిషి ఎక్కడ దొరుకుతుంది?

"అత్తయ్యా, నాకో సాయం చేస్తారా?"

"ఏంటి, గిన్నెలా?"

"కాదు. నేను లోపల్నుంచి మీకు ఫోన్ చేస్తాను. మీరు నన్నెరగనట్టే మాట్లాడండి. పెట్టెయ్యాలనిపిస్తే పెట్టేయండి. ఎందుకు పెట్టేశారో మాత్రం నాకు చెప్పాలి."

అత్తగారు ఆమెను ఎగాదిగా చూసింది. "మొహమాటపడను మరి."

"పడొద్దు."

కోడలు పడగ్గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఫోన్ చేసింది. హాల్లో ఫోన్ మోగింది.

"హలో?"

"నమస్కారమండీ, మీరు ఎలా ఉన్నారు?"

టక్.

కోడలు తలుపు తీసుకుని బయటికొచ్చింది. "ఏంటత్తయ్యా, అప్పుడేనా?"

"నేనెలా ఉంటే దానికెందుకు? పరిచయం లేని మనిషి నా ఆరోగ్యం అడిగిందంటే నాకేదో అంటగట్టబోతోందన్న మాట."

మళ్లీ వెళ్లింది. ఈసారి క్షేమం అడగలేదు. "నమస్కారమండీ, ఆరోగ్య పరిశోధన సంస్థ నుంచి మాట్లాడుతున్నాను. మీకిప్పుడు టైముందా అండీ?"

"లేదు." టక్. తలుపు తీయకముందే హాల్లోంచి గట్టిగా వినిపించింది. "లేదనమని నువ్వే నోటికందిస్తే ఇంకేమంటాను?"

మూడోసారి కోడలు అన్నీ గుర్తుపెట్టుకుని, ఎక్కడా తడబడకుండా, ఊపిరి కూడా తీసుకోకుండా గడగడా అప్పజెప్పింది. అత్తగారు మొత్తం విన్నట్టే ఉంది. చివర్లో టక్.

"ఈసారి ఏం తప్పు?" అంది కోడలు, ఏడుపూ నవ్వూ కలిసిన మొహంతో.

"తప్పేం లేదు. అదే తప్పు. బస్టాండులో మైకులో వచ్చే టేపులా ఉంది. టేపుకి ఎవరైనా జవాబు చెప్తారా? మధ్యలో ఎక్కడన్నా ఆగు. నన్ను 'ఊఁ' అననివ్వు. 'ఊఁ' అన్నాక పెట్టెయ్యడం కాస్త కష్టం."

అప్పుడే లోపలికొచ్చిన కొడుకు ఇద్దర్నీ చూసి, "ఒకే ఇంట్లో ఉండి ఫోన్లు చేసుకుంటున్నారేంటి? పోట్లాడుకున్నారా?" అన్నాడు కంగారుగా.

"ఉద్యోగం నేర్పిస్తున్నానురా," అంది అత్తగారు.

అప్పట్నుంచి అది రోజూ జరిగే పనైపోయింది. కోడలు ఆఫీసునుంచి రావడం, కాళ్లు కడుక్కోవడం, లోపలికెళ్లి ఫోన్ చెయ్యడం. అత్తగారు ఒకరోజు భయస్తురాలైన ముసలమ్మ, ఒకరోజు కోపిష్టి షాపు యజమాని, ఒకరోజు చెవులు సరిగా వినపడని మనిషి. ఆ చివరి వేషం ఆవిడకు ఎంత నచ్చిందంటే, "ఆఁ? ఎవరూ? సర్వీసా? బస్సు సర్వీసా?" అంటూ కోడల్ని నవ్వించి నవ్వించి వదిలేది.

నేర్చుకున్నది కోడలు మర్నాడు ఆఫీసులో వాడి చూసేది. పేరు చెప్పి, సంస్థ పేరు చెప్పి, వెంటనే "నేనేమీ అమ్మడానికి చెయ్యలేదండీ," అని ఆగేది. ఆ ఆగిన చోట చాలామంది "మరెందుకు?" అనేవారు. ఆ "మరెందుకు" వినపడితే ఆమెకు ప్రాణం లేచొచ్చేది. అడిగినవాళ్లు జవాబు వినకుండా పెట్టెయ్యరు.

"నా నంబరు మీకెవరిచ్చారు?" అని గద్దించినవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పేది. "ఎవరూ ఇవ్వలేదండీ. కంప్యూటరు అంకెలు కలిపి నొక్కింది. మీ పేరు కూడా నాకు తెలీదు." పది నిమిషాలు పట్టేదాన్ని రెండు నిమిషాలని ఎప్పుడూ అనలేదు. కావాలంటే సంస్థ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోవచ్చని నంబరు కూడా ఇచ్చేది. "వద్దమ్మా, నాకిష్టం లేదు," అని తేల్చి చెప్పినవాళ్లను బతిమాలేది కాదు. "సరేనండీ, ఉంటాను," అని మర్యాదగా తప్పుకునేది.

ఒకతను ఫోన్ ఎత్తినప్పుడు వెనకాల సుత్తి దెబ్బలు వినిపించాయి.

"చెప్పండి, త్వరగా!"

"మీరు పనిలో ఉన్నట్టున్నారండీ. నేను అమ్మడానికి చెయ్యలేదు, ఆరోగ్య సర్వే. పది నిమిషాలు పడుతుంది. ఇప్పుడు ఇబ్బంది పెట్టను, పని దిగాక ఎప్పుడు చెయ్యమంటారు?"

సుత్తి ఆగింది. "ఆరున్నరకి చెయ్. నిచ్చెన మీదున్నాను," అన్నాడు. ఆరున్నరకి చేస్తే నిజంగానే ఎత్తి, అన్నింటికీ జవాబులు చెప్పి, "నిచ్చెన మీంచి పడ్డది కూడా లెక్కలోకొస్తుందా?" అని అడిగాడు. ఆ రోజు కోడలు ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, "అత్తయ్యా, పూర్తిగా చెప్పాడు! చివరిదాకా!" అని అరిచింది. పేరూ ఊరూ చెప్పకుండా జరిగింది మాత్రం చెప్పింది. అత్తగారు పైకి, "ఏదో పాపం, మంచివాడు," అని తీసిపారేసింది కానీ, రాత్రి కొడుకు రాగానే ఆవిడే ముందు ఆ సంగతి చెప్పింది.

అయితే ఇన్ని రోజుల్లోనూ అత్తగారు మాత్రం ఒక్కసారీ లొంగలేదు. వేషం ఏదైనా, ఎంతసేపు లాగినా, చివరికి ఏదో ఒక వంక పెట్టి టక్కుమనిపించేది. కోడలికి అది పంతమైంది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం. భర్త డ్యూటీలో ఉన్నాడు. అత్తగారు తన గదిలో నడుం వాల్చింది. కోడలు బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, భుజమ్మీద తువ్వాలుతోనే ఫోన్ చేసింది.

"హలో?" అత్తగారి గొంతు కాస్త బద్ధకంగా ఉంది.

"నమస్కారమండీ. నేను ఆరోగ్య పరిశోధన సంస్థ తరఫున చేస్తున్నాను. ఏమీ అమ్మడానికి కాదండీ."

"ఊఁ."

"ఇళ్లలో మనుషులు జారిపడుతుంటారు కదా... అది ఎందుకు జరుగుతుందో, ఎంతమందికి జరుగుతుందో తెలుసుకుంటున్నాం. పడ్డవాళ్లలో చాలామంది ఎవరికీ చెప్పరు. అందుకే ఆసుపత్రి లెక్కల్లో వాళ్లు కనపడరు. మాకు అడగడం తప్ప వేరే దారి లేదు."

 కోడలు "టక్" కోసం ఎదురుచూసింది. అది రాలేదు.

"ఎంతసేపు?" అంది అత్తగారు.

"పది నిమిషాలండీ. చెప్పాలని లేని ప్రశ్న వదిలేయొచ్చు. మధ్యలో ఆపేయొచ్చు. మీరు చెప్పింది మీరు చెప్పినట్టు ఎవరికీ తెలీదు."

"ఎవరికీనా?"

"ఎవరికీ చెప్పం."

అత్తగారు, "సరే, అడుగు," అంది.

గెలిచానన్న సంబరంలో కోడలికి అరుపొచ్చినంత పనైంది. ఆపుకుంది. వరస తప్పకుండా, కంఠతా వచ్చిన ప్రశ్నలు మొదలుపెట్టింది. మీరుండే ఇంట్లో మెట్లున్నాయా? లిఫ్టుంది, మెట్లూ ఉన్నాయి. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కమ్మీ ఏమైనా ఉందా? లేదు. రోజూ ఏమైనా మందులు వాడతారా? బీపీకి వాడతాను. సరదాగా సాగిపోతోంది.

"గడిచిన ఏడాదిలో మీరు ఎప్పుడైనా పడిపోవడం జరిగిందా?"

"జరిగింది."

కోడలి భుజమ్మీది తువ్వాలు జారింది. వేషం అనుకుంది మొదట. కానీ వేషాలప్పుడు అత్తగారి గొంతులో ఒక చిలిపితనం ఉండేది. ఇప్పుడు లేదు.

ఏం విన్నా ఉలిక్కిపడకూడదు, అయ్యయ్యో అనకూడదు, గొంతు మారితే అవతలివాళ్లు జవాబు మార్చేస్తారు. సూపర్‌వైజరు మొదటి రోజే చెప్పిన మాట. కోడలు గొంతు సవరించుకుని తర్వాతి ప్రశ్న అడిగింది.

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు. రెండుసార్లు ఇక్కడే మంచం పక్కన. ఒకసారి బాత్రూమ్‌లో."

"చివరిసారి పడ్డప్పుడు మీరేం చేస్తున్నారు?"

"ఏం చెయ్యలేదమ్మా. పొద్దున లేచి నిలబడ్డాను. కళ్లకి చీకట్లు కమ్మాయి. తర్వాత చూసుకుంటే కిందున్నాను."

"దెబ్బలేమైనా తగిలాయా?"

"మోచెయ్యి వాచింది. తలుపు తగిలిందని చెప్పాను ఇంట్లో."

ఆ వాపుకు మందు రాసింది కోడలే. తలుపుకు గుడ్డ కడదామని కూడా అంది అప్పుడు.

"పడిన సంగతి ఎవరికైనా చెప్పారా?"

"నీకే చెప్తున్నా."

"చెప్పకపోవడానికి కారణం ఏమిటి?"

 వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. ఆ బెల్లు బాల్కనీలోంచీ ఫోన్‌లోంచీ రెండుసార్లు వినిపించింది.

"చెబితే సాయంత్రం నడకకి నన్ను కిందికి పంపించరు. గది తలుపు వేసుకోనివ్వరు. నా వెనక ఎవరో ఒకరు తిరుగుతూ ఉంటారు. ఇద్దరూ ఉద్యోగస్తులు, ఎవరు తిరుగుతారు? చివరికి పిల్ల ఉద్యోగం మాన్పిస్తారు. ఇప్పుడిప్పుడే నాలుగు మాటలు నేర్చుకుంటోంది అది."

కోడలి కళ్లు నిండిపోయాయి. మిగతా ప్రశ్నలు ఎలా అడిగిందో ఆమెకే తెలియదు. చివర్లో, "మీ సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలండీ," అంది. "మంచిదమ్మా," అని అత్తగారు ఫోన్ పెట్టేసింది. ఈసారి టక్కుమని కాదు, మెల్లగా.

అరగంట తర్వాత అత్తగారు బయటికొచ్చి, "టీ పెట్టవా?" అంది ఎప్పటిలాగే. కోడలు ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడ చూపు తిప్పుకుంది. ఇద్దరూ ఆ ఊసెత్తలేదు.

రాత్రి భర్త, "ఏంటలా ఉన్నావు? మళ్లీ ఎవరైనా తిట్టారా?" అని అడిగాడు. కోడలికి గొంతుదాకా వచ్చింది. కానీ మధ్యాహ్నం తన నోటితో తనే అన్న మాట అడ్డుపడింది. ఎవరికీ చెప్పం. నిజం ఫోనా, ఆట ఫోనా అన్నది పక్కనపెడితే, అత్తగారు ఆ మాట నమ్మే నోరు విప్పింది. "ఏం లేదండీ, తలనొప్పి," అంది. పొద్దున్నే అందరికన్నా ముందు లేచి, అత్తగారు లేచే వేళకు ఏదో వెతుకుతున్నట్టు బాల్కనీలో ఆవిడ గది కిటికీ దగ్గరే తచ్చాడింది. ఆవిడ మంచం పట్టె పట్టుకుని లేవడం, గోడకు చెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడటం అప్పుడు చూసింది. అంతకు ముందు కూడా అది కళ్లముందే జరిగి ఉంటుంది. చూడలేదు.

ఆఫీసులో సూపర్‌వైజరు దగ్గరికెళ్లి అడిగింది. "మేడమ్, ఎవరికీ చెప్పం అని మాటిచ్చాక, అవతలివాళ్లు తమకు ప్రమాదమైన సంగతి ఏదైనా చెబితే ఏం చెయ్యాలి?"

సూపర్‌వైజరు కళ్లజోడు పెట్టుకుని ఆమెను చూసింది. ఎవరని అడగలేదు. "ప్రాణం మీదికొచ్చే సంగతైతే ఆ క్షణమే నాకు చెప్పు, దానికి వేరే పద్ధతుంది. కాకపోతే, మాట మాటే. వాళ్ల వెనక ఎవరికీ చెప్పకూడదు. కానీ వాళ్లనే అడగడానికి ఎవరూ అడ్డు చెప్పరు కదమ్మా? 'ఫలానావాళ్లకు చెప్పమంటారా' అని అడుగు. వాళ్లు సరేనంటే అది వాళ్ల నిర్ణయం."

మధ్యాహ్నం భోజనం వేళ కోడలు మెట్లదారిలో నిలబడి తన ఫోన్ తీసింది. ఇన్నాళ్లూ వందల మందికి చేసింది కానీ, మొదటి మాట కోసం ఇంతగా తడుముకున్నది లేదు.

"హలో?"

"నమస్కారమండీ. నేను నిన్న మీతో మాట్లాడిన అమ్మాయిని. సర్వే అమ్మాయిని."

 అత్తగారు పెట్టేస్తుందేమోనని కోడలు కళ్లు మూసుకుంది. తొందరపడి మాటలు కుక్కలేదు. ఆగింది.

"ఊఁ," అంది అత్తగారు. "చెప్పు."

"మీరు చెప్పింది నేను ఎవరికీ చెప్పలేదండీ. మీరు చెప్పొద్దంటే ఇక మీదట కూడా చెప్పను. కానీ నిన్నట్నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. నిలబడగానే చీకట్లు కమ్మడం డాక్టరుకు చూపించాల్సిన సంగతి. మీ ఇంట్లో ఒక్కరికి చెప్పడానికి మీ అనుమతి కావాలి. అందుకే చేశాను."

"ఎవరికి?"

"మీ కోడలికి."

"దానికి తెలీదా?"

"మీరు చెప్పమంటేనే తెలుస్తుంది."

ఫోన్‌లో ఏదో చిన్న చప్పుడు. నవ్వో, ఏడుపో కోడలికి అంతుపట్టలేదు.

"చెప్పు," అంది అత్తగారు చివరికి. "దానికి చెప్పు. వాడికి మాత్రం ఇప్పుడే వద్దు. లిఫ్టుల మెకానిక్ కదా, ఒకసారి ఆగిందంటే చాలు, 'వాడరాదు' అని బోర్డు పెట్టేస్తాడు. డాక్టరేమంటాడో చూసి నేనే చెప్తాను."

"అలాగే అండీ."

"ఇదిగో అమ్మాయ్."

"చెప్పండి."

"ఉద్యోగం మాన్పించరు కదా దాన్ని?"

కోడలు గోడకు ఆనుకుంది. మెట్ల మీద వెళ్తున్న ఎవరో ఆగి, ఏమైందన్నట్టు చూశారు. చెయ్యి ఊపి ఏం లేదంది. "మాన్పించరు అత్తయ్యా," అంది. సర్వే అమ్మాయి వేషం అక్కడితో జారిపోయింది. "నేను మానను. మిమ్మల్ని కిందికి వెళ్లకుండా ఆపను కూడా. ఒట్టు."

ఆ సాయంత్రం కోడలు పర్మిషన్ తీసుకుని ముందుగా వచ్చి, అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు మొదట పడుకోబెట్టి బీపీ చూశాడు. తర్వాత నిలబెట్టి చూశాడు. కాస్సేపాగి మళ్లీ చూశాడు. నిలబడ్డప్పుడు అంకె బాగా కిందికి దిగిపోతోంది. వాడుతున్న మాత్రలు తీసుకుని చూసి, "ఇది ఎప్పుడు పెంచారు?" అని అడిగాడు.

అత్తగారు ఆలోచించింది. మొదటిసారి పడటానికి కొద్దిరోజుల ముందే.

"ముందే చెప్పి ఉంటే ముందే తగ్గించేవాళ్లం కదమ్మా," అన్నాడు. డోసు తగ్గించి రాశాడు. నిద్ర లేవగానే కొద్దిసేపు మంచం అంచున కూర్చుని, కాళ్లు కిందికి వేలాడేసి, ఆ తర్వాతే నిలబడమన్నాడు. నీళ్లు బాగా తాగమన్నాడు. రక్తపరీక్షలు కూడా చేయించి, భయపడాల్సిందేమీ లేదన్నాడు. "ఎముక విరగకుండా బయటపడ్డారు. అదృష్టం," అన్నాడు కోడలి వైపు చూసి.

"నడవొచ్చా డాక్టరుగారూ? సాయంత్రాలు?" అత్తగారు అడిగిన ఒకే ఒక్క ప్రశ్న అది.

"నడవాలి," అన్నాడాయన.

కొడుక్కి అత్తగారే చెప్పింది, అన్నం వడ్డిస్తూ. అతను కంచంలో చెయ్యి ఆపేశాడు. "మూడుసార్లా? నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. కోపం కాదు అది, చిన్నబుచ్చుకోవడం.

"చెబితే బోర్డు పెట్టేస్తావనిరా."

 ఆ వారం సెలవు రోజున అతను డ్రిల్లు తెచ్చి, బాత్రూమ్‌లో ఒకటి, మంచం పక్క గోడకు ఒకటి స్టీలు కమ్మీలు బిగించాడు. లిఫ్టులో మనుషులు పట్టుకునే కమ్మీలు ఎంత గట్టిగా బిగించాలో అంత గట్టిగా. బిగించాక తన బరువంతా వేసి వేలాడి చూశాడు. అప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని కమ్మీ మీద పెట్టి, "ఇది పట్టుకుని లే. ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్లు. బోర్డు పెట్టను," అన్నాడు.

మందు తగ్గించాక చీకట్లు కమ్మడం తగ్గిపోయింది. అత్తగారు మళ్లీ పడలేదు. రోజూ సాయంత్రం కిందికి దిగుతోంది. కోడలికి తీరికున్న రోజు తోడు వెళ్తుంది, లేని రోజు లేదు.

నెలాఖరున సూపర్‌వైజరు కోడల్ని పిలిచింది. మళ్లీ ఒక రికార్డింగ్ పెట్టింది. అందులో కోడలు "ఏమీ అమ్మడానికి కాదండీ," అని ఆగుతోంది. అవతల పెద్దాయన "మరెందుకమ్మా?" అంటున్నాడు. అక్కడ ఆపేసి, "ఈ ఆగడం ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగింది.

"మా అత్తయ్య దగ్గర మేడమ్."

"ఆవిడా ఈ పనే చేశారా?"

"లేదు మేడమ్. పెట్టేసేవారు."

సూపర్‌వైజరు నవ్వింది. "ఉద్యోగం ఖాయం. ఆవిడకు నా నమస్కారాలు చెప్పు."

ఆ రాత్రి కోడలు ఆ నమస్కారాలు అందజేసి, అత్తగారి పక్కన మంచం మీద కూర్చుంది. చెప్పాలనుకున్నది చాలా ఉంది. "మీరు లేకపోతే నాకీ ఉద్యోగం నిలిచేది కాదు అత్తయ్యా," అంది.

"నువ్వు ఫోన్ చెయ్యకపోతే నేను నిలబడేదాన్ని కాదు," అంది అత్తగారు. అలాంటి మాటలు ఆవిడకు అలవాటు లేవు. వెంటనే దుప్పటి సర్దుకుంటూ, "ఇంక పో, పడుకో. పొద్దున్నే ఎవరెవరి నిద్ర చెడగొట్టాలో ఏమో," అంది.

కోడలు దీపం ఆర్పి తలుపు దగ్గరగా వేసింది. గడియ మాత్రం అత్తగారే లోపల్నుంచి పెట్టుకుంది.

మర్నాడు మొదటి ఫోన్ ఎత్తినావిడ గొంతులో అనుమానం నిండుగా ఉంది. కోడలు చెప్పాల్సింది చెప్పి, ఆగింది. అవతల ఊపిరి వినిపిస్తోంది. పసిపిల్ల ఎక్కడో ఏడుస్తోంది. గిన్నె ఒకటి కింద పడింది. ఆ ఇంట్లో ఎన్ని పనులు ఎదురుచూస్తున్నాయో! అయినా ఆవిడ పెట్టెయ్యలేదు.

"సరే అడగండి," అంది.

"కృతజ్ఞతలండీ," అంది కోడలు. ఆ మాట తెర మీద చివర్న ఉంటుంది, ప్రశ్నలన్నీ అయిపోయాక చెప్పమని. ఆమె ఆగలేక ముందే చెప్పేసింది. చెప్పి, మొదటి ప్రశ్న చదవడం మొదలుపెట్టింది.